బొగ్గు పేస్టు ఇచ్చే తెలుపు, చిగురు దగ్గర మిగిలే పసుపు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పరకాల. ఏడెనిమిది నెలల సంది బొగ్గు పేస్టు వాడుతున్న. నడుమ నడుమ వీడియోల చూసి బొగ్గుపొడిల నిమ్మరసం కలిపి గూడ తోమిన. మొదట్ల పండ్లు తెల్లగ అయినయి. ఇప్పుడు చిగురు దగ్గర పసుపు పచ్చగ కనవడుతున్నయి, చల్లనీళ్లు తాగితే జివ్వుమంటున్నది. రెండు నెలల్ల పెండ్లి ఉన్నది. ఇంకా మంచి వైటెనింగ్ పేస్టుకు మారాల్నా? ఎనామిల్ నిజంగనే అరిగిందా?

సమాధానం:

నిమ్మరసం కలిపిన బొగ్గుపొడిని ఈ రోజు నుంచే పూర్తిగా మానేయండి. బొగ్గు పేస్టును కూడా పక్కన పెట్టి, ఫ్లోరైడ్ ఉన్న మామూలు పేస్టుకు, మెత్తటి కుచ్చు ఉన్న బ్రష్షుకు మారండి. వైటెనింగ్ పేస్టు మాత్రం ఇప్పుడు కొనవద్దు. మీరు వర్ణించిన పసుపు పంటి పైన అంటిన మరక అయ్యే అవకాశం తక్కువ, పైపొర పలచబడి లోపలి పొర బయటికి కనిపించడం వల్ల వచ్చినది అయ్యే అవకాశం ఎక్కువ. అలాంటి పసుపును ఏ పేస్టూ తీయలేదు. గట్టిగా తోమిన కొద్దీ అది ఇంకా పెరుగుతుంది. పన్నును ఆరబెట్టి, మంచి వెలుతురులో, సన్నని పరికరంతో తడిమి చూస్తే తప్ప అరుగుదల ఎంత ఉన్నదో ఖాయంగా చెప్పలేము. అయితే మొదట తెల్లబడడం, తరువాత చిగురు దగ్గర మాత్రమే పచ్చబడడం, దానితో పాటు చల్లదనానికి జివ్వుమనడం, ఈ మూడూ ఇదే వరుసలో వచ్చినప్పుడు నేను మొదట అనుమానించేది అరుగుదలనే. హన్మకొండలోని మా క్లినిక్కుకు ఈ వరుసతో వచ్చే యువతీయువకులు తక్కువేమీ కాదు. అందుకే ఇది ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా రాస్తున్నాను.

పంటి రంగు ఎక్కువగా లోపలి నుంచే వస్తుంది. పైన ఉండే ఎనామిల్ మన శరీరంలో అన్నింటికన్నా గట్టి పదార్థం, బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. కానీ అది సున్నం వేసిన గోడలా తెల్లగా ఉండదు, వెలుతురును కొంతవరకు తన గుండా పోనిస్తుంది. దాని కింద ఉండే డెంటిన్ అనే పొర సహజంగానే లేత పసుపు రంగులో ఉంటుంది. ఎనామిల్ మందంగా ఉన్నచోట ఆ పసుపు కప్పబడి పన్ను తెల్లగా కనిపిస్తుంది, పలచగా ఉన్నచోట పసుపు బయటపడుతుంది. దవడ పళ్ల గుబ్బల మీద ఎనామిల్ రెండు మిల్లీమీటర్ల పైచిలుకు మందం ఉంటుంది. చిగురును ఆనుకొని ఉండే పంటి మెడ దగ్గరికి వచ్చేసరికి అది కత్తి అంచులా సన్నబడి ముగిసిపోతుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్నవారి కోరపన్ను కూడా చిగురు దగ్గర కొంచెం పచ్చగానే ఉంటుంది, అది జబ్బు కాదు. ఎనామిల్‌ను తయారు చేసే కణాలు పన్ను నోట్లోకి మొలిచే నాటికే నశించిపోతాయి కాబట్టి, ఒకసారి అరిగిపోయిన ఎనామిల్ మళ్లీ పెరగదు. లాలాజలమూ ఫ్లోరైడూ కలిసి మెత్తబడిన ఎనామిల్‌ను తిరిగి గట్టిపరచగలవు కానీ, ఊడిపోయిన మందాన్ని తిరిగి తేలేవు.

మరి మొదటి నెలల్లో మీరు చూసిన తెలుపు అబద్ధమా అంటే, కాదు. పళ్లు తోముకున్న కొద్ది నిమిషాలకే లాలాజలంలోని ప్రోటీన్లు పంటి మీద కంటికి కనపడని సన్నని పొరగా పరుచుకుంటాయి. టీలో ఉండే టానిన్లు, పొగాకులోని తారు, జర్దా, వక్కల రంగు ఈ పొరకే అంటుకుని మరకగా మారుతాయి. రాపిడి గుణం ఉన్న ఏ పేస్టయినా ఈ పొరను గీకి తీసేస్తుంది, దానితో పాటు మరకా పోతుంది. బొగ్గు చేసిన పని కూడా ఇదే. మామూలు పేస్టులో కాల్షియం కార్బొనేటో, సిలికానో ఈ పని చేస్తుంది, బొగ్గు పేస్టులో వాటికి తోడు బొగ్గు చేరుతుంది. నల్లని నురుగు ఉమ్మేసి, నోరు పుక్కిలించి అద్దంలో చూసుకున్నప్పుడు పళ్లు ఒక్కసారిగా మెరిసినట్టు అనిపించడానికి అంతకు ముందు క్షణంలో చూసిన నలుపు కూడా కొంత కారణం. మరక పోవడంతో పన్ను తన అసలు రంగుకు వచ్చి అక్కడ ఆగిపోతుంది. అంతకన్నా తెల్లగా చేసే గుణం బొగ్గులో లేదు. మరక పోయిన తరువాత కూడా తోముతూ పోతే, రాపిడికి ఎదురుగా మిగిలేది పన్నే.

బొగ్గు మురికిని పీల్చేస్తుందనే ప్రచారం ఎక్కడి నుంచి వచ్చిందో చెబితే దాని పరిమితి మీకు సులభంగా అర్థమవుతుంది. ఉత్తేజిత బొగ్గు నిజంగానే కొన్ని పదార్థాలను తన రంధ్రాల గోడలకు పట్టి ఉంచుతుంది. విషం మింగినవారిని తొందరగా ఆసుపత్రికి తెస్తే, కొన్ని రకాల విషాలకు బొగ్గుపొడిని నీళ్లలో కలిపి ఇస్తారు. అప్పుడు పెద్దవారికి ఇచ్చే మోతాదు సుమారు 50 గ్రాములు ఉంటుంది, అది కడుపులో ద్రవంతో కలిసి గంటల తరబడి ఉంటుంది. మీ బ్రష్షు మీద ఉండే పేస్టు మొత్తం ఒక గ్రాము ఉంటుందేమో, అందులో బొగ్గు కొంత భాగమే. అది నోట్లో ఉండేది రెండు నిమిషాలు. పైగా ట్యూబులో నెలల తరబడి గ్లిసరిన్, నురుగు పదార్థాలతో కలిసి ఉన్న బొగ్గు రంధ్రాలు అప్పటికే చాలావరకు వాటితోనే నిండి ఉంటాయి. పంటి పొరకు గట్టిగా పట్టేసిన టీ మరకను అది పీల్చి తీస్తుందని నమ్మడానికి ఆధారం లేదు. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పత్రికలో 2017లో వచ్చిన ఒక సమీక్ష బొగ్గు పేస్టుల మీద అప్పటి వరకు వచ్చిన అధ్యయనాలను పరిశీలించి, అవి తెల్లబరుస్తాయని గాని, సురక్షితమని గాని చెప్పడానికి చాలినంత ఆధారం లేదని తేల్చింది. బొగ్గు పేస్టుల్లో చాలావాటిలో ఫ్లోరైడ్ ఉండదు. నా దృష్టిలో రాపిడి కన్నా ఇది తక్కువ నష్టమేమీ కాదు, ఎందుకంటే వాడినన్నాళ్లూ పళ్లకు పుచ్చు నుంచి ఉండవలసిన రక్షణ తగ్గిపోతుంది.

రాపిడి విషయంలో న్యాయంగా ఒక మాట చెప్పాలి. బొగ్గు పేస్టులన్నీ గరుకు కాగితంలాంటివి అని కొందరు రాస్తారు, అది నిజం కాదు. పేస్టు డెంటిన్‌ను ఎంత అరగదీస్తుందో కొలిచే ఆర్‌డీఏ అనే ఒక కొలమానం ఉంది. అందులో ఒక ప్రమాణ పదార్థానికి 100 అని అంకె ఇచ్చి, మిగతా పేస్టులను దానితో పోలుస్తారు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం రోజూ వాడే పేస్టులో ఆ అంకె 250 దాటకూడదు. ప్రయోగశాలలో కొలిచినప్పుడు కొన్ని బొగ్గు పేస్టులు మామూలు పేస్టుల మాదిరిగానే మెత్తగా తేలాయి, కొన్ని గరుకుగా తేలాయి. ఏది ఏ కోవలోకి వస్తుందో డబ్బా మీద సాధారణంగా రాయరు. వేళ్ల మధ్య రుద్ది చూసి చెప్పడం కూడా కుదరదు, వేలికి నునుపుగా తగిలే నలుసులు సైతం పంటిని అరగదీయగలవు. ఇందులో గమనించవలసినది ఇంకొకటి ఉంది. ఈ అంకె డెంటిన్‌కు సంబంధించినది. ఎనామిల్ దానికన్నా ఎంతో గట్టిది కాబట్టి, హద్దులో ఉన్న పేస్టుతో, మెత్తని బ్రష్షుతో, ఒత్తిడి లేకుండా తోమితే జీవితకాలంలో ఎనామిల్ అరిగేది చాలా స్వల్పం. చిగురు కిందికి జరిగి డెంటిన్ బయటపడిన మెడ దగ్గర మాత్రం అదే పేస్టు, అదే చేయి చాలా వేగంగా గాడి పెడుతుంది.

పొడి సంగతి వేరు. పేస్టులో రాపిడి నలుసులు జిగట ద్రవంలో తేలుతూ ఉంటాయి, లాలాజలంతో ఇంకా పలచబడతాయి. పొడిని తడి బ్రష్షు మీద అద్దుకున్నప్పుడు ఆ నలుసులు చిక్కగా, ఎక్కువ మోతాదులో నేరుగా పంటి మీద పడతాయి. ఇంట్లో కాల్చిన బొగ్గులో నలుసుల పరిమాణం మీద ఎవరికీ అదుపు ఉండదు. అందులో బూడిద, ఇసుక కలిసే అవకాశం ఎక్కువ. మన ప్రాంతంలో దీనికి ఇంకొక కోణం ఉంది. వరంగల్, కరీంనగర్ పల్లెల్లో వడ్ల ఊకను కాల్చిన నల్లని బూడిదతో పళ్లు తోముకోవడం పెద్దవారికి అలవాటు, ఇప్పుడు దాన్నే సహజమైన బొగ్గు పొడి అని మళ్లీ వాడుతున్నవారిని చూస్తున్నాను. ఊక బూడిదలో అధిక భాగం సిలికా. గిన్నెల మసిని అది అంత బాగా వదిలించేది ఆ గుణం వల్లనే. పంటి మెడ మీద కూడా అదే గుణం పని చేస్తుంది. తాతగారి పళ్లు ఎనభై ఏళ్లకు కూడా గట్టిగా ఉన్నాయి కదా అని నన్ను అడిగేవారు ఉన్నారు. ఆ తరం వారి పళ్లను దగ్గరి నుంచి చూసిన దంతవైద్యులెవరికైనా, పుచ్చు తక్కువగా ఉండి, చిగురు దగ్గర లోతైన గాళ్లు ఎక్కువగా ఉండడం పరిచయమైన దృశ్యమే.

మీ విషయంలో నన్ను అన్నింటికన్నా ఎక్కువ కలవరపెట్టినది నిమ్మరసం. నోటిలో ఆమ్లత్వాన్ని పీహెచ్ అంకెతో కొలిస్తే, సుమారు 5.5 కన్నా కిందికి దిగినప్పుడు ఎనామిల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది. నిమ్మరసం పీహెచ్ 2కు కొంచెం ఎక్కువ. ఈ అంకెలో ఒక్క మెట్టు దిగితే ఆమ్లత్వం పది రెట్లు పెరుగుతుంది కాబట్టి, ఈ రెండింటి మధ్య తేడా వెయ్యి రెట్లకు పైనే. నిమ్మరసం తగలగానే ఎనామిల్ పైభాగం అతి సన్నని మేరకు మెత్తబడుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే లాలాజలం ఆమ్లాన్ని తటస్థం చేసి, కాల్షియం, ఫాస్ఫేట్లను తిరిగి నింపి, గంటల వ్యవధిలో చాలావరకు గట్టిపరుస్తుంది. మెత్తబడి ఉన్న సమయంలోనే రాపిడి పొడితో తోమితే, తిరిగి గట్టిపడగలిగిన ఆ పొర శాశ్వతంగా ఊడిపోతుంది. బొగ్గూ నిమ్మరసమూ కలిపి తోమడం అంటే ఈ రెండు పనులనూ ఒకే నిమిషంలో చేయడం. ఆ మిశ్రమం వాడిన వెంటనే పళ్లు ఎంతో తెల్లగా కనిపించడానికి కారణం కూడా ఇదే, ఆమ్లం పైపొరను చెక్కేసి గరుకు చేసినప్పుడు వెలుతురు చెదిరి కొంతసేపు సున్నపు తెలుపు కనిపిస్తుంది. వీడియోలలో చూపించేది ఆ కొంతసేపటి తెలుపునే.

ఎండాకాలంలో నిమ్మసోడా, శీతల పానీయాలు, పచ్చి మామిడి, చింతకాయ తిన్న తరువాత కూడా ఈ ప్రమాదం కొంతవరకు ఉంటుంది. వాటిని మానవలసిన అవసరం లేదు. ఒకేసారి తాగేసి, మంచినీళ్లతో పుక్కిలించి, కనీసం అరగంట నుంచి గంట వరకు బ్రష్షు ముట్టకుండా ఉంటే చాలు. గంటల తరబడి గుక్క గుక్కగా చప్పరించే అలవాటు మాత్రం మంచిది కాదు.

నర్సంపేట నుంచి వచ్చిన ఒకరి సంగతి చెబుతాను, మీ సమస్యకు ఇది చాలా దగ్గరగా ఉంది. విత్తనాల దుకాణం నడిపే ముప్పై ఏళ్లు దాటిన మనిషి, రోజుకు ఐదారు సార్లు టీ తాగుతారు. ముందు పళ్లు టీ మరకలతో గోధుమ రంగుకు తిరిగాయని బొగ్గు పేస్టు మొదలుపెట్టి, అది చాలదనిపించి ఇంట్లో ఊక బూడిద కూడా కలిపి, గట్టి కుచ్చు బ్రష్షుతో అడ్డంగా తోమేవారు. ఆయన కుడిచేతి వాటం మనిషి. పై దవడలో ఎడమ వైపు కోరపన్నుకూ, దాని వెనుక ఉన్న రెండు చిన్న దవడ పళ్లకూ చిగురు దగ్గర చీలిక ఆకారంలో గాళ్లు పడ్డాయి, వాటి అడుగు పచ్చగా, గాజులా మెరుస్తూ ఉంది. కుడి వైపు అవే పళ్లకు అరుగుదల నామమాత్రం. కుడిచేత్తో తోమేవారి ఒత్తిడి ఎడమ వైపు ఎక్కువగా పడుతుంది కాబట్టి, ఇలా ఒక వైపే ఎక్కువగా ఉండడం పుచ్చుకు కాక రాపిడికి గుర్తు. కింది ముందు పళ్లను లోపలి వైపు నుంచి అద్దంతో చూస్తే, గారా టీ మరకలూ చెక్కు చెదరకుండా అలాగే ఉన్నాయి. బ్రష్షు అందని చోట బొగ్గు ఏ మరకనూ పీల్చలేదు, బ్రష్షు బలంగా పడిన చోట పన్నునే తీసేసింది. అంతకు ముందు పెట్టించుకున్న ఒక సిమెంటు చుట్టూ సన్నని నల్లని గీత కూడా ఏర్పడింది. బొగ్గు నలుసులు సిమెంటు అంచులో, పంటి పగుళ్లలో ఇరుక్కుంటే తోముకుంటే పోవు, కొన్నిసార్లు ఆ సిమెంటునే మార్చవలసి వస్తుంది.

ఆయనకు చేసిన చికిత్స క్రమం మీకు కూడా పనికి వస్తుంది. మొదట స్కేలింగ్ చేసి గారను తీసి, మెత్తని పాలిష్‌తో మరకలు తొలగించాము. ఆ ఒక్క పనితోనే ముందు పళ్ల రంగు ఆయన కోరుకున్న దానిలో చాలావరకు వచ్చేసింది, కారణం ఆయనది చాలావరకు పైమరకే. జివ్వుమనే చోట ఫ్లోరైడ్ వార్నిష్ పూసి, పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టును రోజుకు రెండుసార్లు వాడమన్నాము. ఆ పేస్టు ప్రభావం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, నాలుగు రోజులు వాడి లాభం లేదని మానేస్తే ప్రయోజనం ఉండదు. లోతైన గాళ్లను ముందుగా తాత్కాలికంగా మూసివేశాము. శాశ్వతమైన, పంటి రంగు సిమెంటును వెంటనే పెట్టకపోవడానికి కారణం ఆయన బ్లీచింగ్ కూడా కోరుకోవడమే. బ్లీచింగ్ మందు పన్నును తెల్లబరుస్తుంది, సిమెంటును తెల్లబరచదు. ముందు సిమెంటు పెట్టి తరువాత బ్లీచ్ చేస్తే రెండింటి రంగూ కలవదు. అందుకని ఆయన పంటి అచ్చుతో చేసిన పలుచని ట్రేలలో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్‌ను రెండు వారాలు రాత్రిపూట వాడించి, ఆ తరువాత మరో రెండు వారాలు ఆగి, అప్పుడు కుదిరిన రంగుకు సరిపోయే సిమెంటు పెట్టాము. ఆ విరామం అవసరం, ఎందుకంటే బ్లీచింగ్ అయిన వెంటనే పంటిలో మిగిలి ఉండే ఆక్సిజన్ సిమెంటు పట్టును బలహీనపరుస్తుంది.

వైటెనింగ్ పేస్టు గురించి మీరు అడిగారు కాబట్టి, ఆ పేరుతో అమ్మేవాటిలో ఏముంటుందో చెబుతాను. ఎక్కువ భాగం రాపిడి పదార్థాన్ని కొంచెం పెంచినవే, అవి పైమరకను తీస్తాయి, అంతే. కొన్నింటిలో నీలిరంగు పదార్థం ఉంటుంది, అది పంటి మీద సన్నగా పరుచుకుని పసుపు ఛాయను అణచి తెల్లగా కనిపించేలా చేస్తుంది. దాని ప్రభావం కొన్ని గంటలే, అయినా దానివల్ల నష్టం లేదు. కొన్నింటిలో పెరాక్సైడ్ చాలా తక్కువ మోతాదులో ఉంటుంది, రెండు నిమిషాల్లో పంటి లోపలికి వెళ్లి రంగు మార్చేంత సమయం దానికి దొరకదు. ట్రేలలో పెట్టుకునే జెల్ పని చేసేది అదే మందు గంటల తరబడి పంటిని అంటి ఉండడం వల్ల. పళ్లు జివ్వుమనని, టీ మరకలు మాత్రమే ఉన్న మనిషి, తక్కువ రాపిడి ఉన్న ఫ్లోరైడ్ వైటెనింగ్ పేస్టును వాడుకుంటే నాకు అభ్యంతరం లేదు. మెడ దగ్గర డెంటిన్ బయటపడిన మీలాంటి వారికి మాత్రం నేను దాన్ని సూచించను. పేస్టు ఏదైనా కొనేముందు డబ్బా మీద ఫ్లోరైడ్ ఎంత ఉందో చూడండి. మన దేశంలో పెద్దలు వాడే ఫ్లోరైడ్ పేస్టుల్లో అది సాధారణంగా 1000 పీపీఎం వరకు ఉంటుంది.

ఇంకొక రకం పసుపు, గోధుమ మచ్చల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల్లో కొన్ని ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండేది. పసితనంలో పళ్లు తయారయ్యే వయసులో ఆ నీళ్లు తాగినవారికి ఎనామిల్ లోపలే సున్నపు చారలు, గోధుమ రంగు మచ్చలు ఏర్పడతాయి. చిన్నప్పటి నుంచీ ఉండి, రెండు వైపులా ఒకే తీరుగా కనిపించే మచ్చలు ఈ కోవకు చెందినవి. అవి బయటి నుంచి అంటినవి కావు కాబట్టి బొగ్గు వాటిని ఏమీ చేయలేదు. అలాంటి ఎనామిల్ మీద ఏళ్ల తరబడి బూడిద రుద్దినవారిని చూసినప్పుడు నాకు చాలా బాధ కలుగుతుంది. ఆ మచ్చలకు వేరే చికిత్సలు ఉన్నాయి, వాటిని డాక్టరు పర్యవేక్షణలోనే చేయించుకోవాలి.

మీ పసుపు ఏ రకమో ఇంట్లో కొంతవరకు పోల్చుకోవచ్చు. పగటి వెలుతురులో పెదవిని పైకెత్తి, పన్నును శుభ్రమైన గుడ్డతో తుడిచి చూడండి. చిగురు అంచున గోటితో మెల్లగా పై నుంచి కిందికి జరిపితే, గోరు ఒక మెట్టులో గాని, గాడిలో గాని ఆగితే అది అరుగుదల. ఉపరితలం గరుకుగా, ఉబ్బెత్తుగా తగిలితే అది గార కావచ్చు, స్కేలింగ్‌తో పోతుంది. నునుపుగా ఉండి, పచ్చగా మెరుస్తూ, చల్లగాలికి కూడా జివ్వుమంటే అది డెంటిన్. ముందు పళ్ల కొసలు మునుపటి కన్నా పారదర్శకంగా, బూడిద ఛాయలో కనిపిస్తే అది ఆమ్లం వల్ల పలచబడిన గుర్తు, ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. సూదితో గాని, పిన్నుతో గాని గీకి చూడకండి.

మీకు ఉన్న రెండు నెలల్లో పని ఇలా జరగాలి. ఈ వారంలోనే దంతవైద్యుని దగ్గరికి వెళ్లి, ఎన్నాళ్లుగా ఏం వాడారో, నిమ్మరసం సంగతితో సహా చెప్పండి. మొదటి దఫాలో పరీక్ష, స్కేలింగ్, పాలిష్, జివ్వుమనే చోట వార్నిష్ పూర్తి కావాలి. పాలిష్ తరువాత పళ్ల రంగును పెండ్లి బట్టల దుకాణపు దీపాల కింద కాక పగటి వెలుతురులో చూసుకోండి. చాలామందికి అక్కడే తృప్తి కలుగుతుంది, ఆపైన ఏదీ అవసరం ఉండదు. ఇంకా తెలుపు కావాలనుకుంటే, జివ్వుమనడం తగ్గిన తరువాతనే, రెండు మూడు వారాలు గడిచాక, ట్రేలతో బ్లీచింగ్ మొదలుపెట్టాలి. గాళ్లు ఉంటే అంతకు ముందే వాటిని తాత్కాలికంగా మూయించాలి, లేకపోతే జెల్ నేరుగా డెంటిన్‌లోకి దిగి పళ్లు భరించలేనంతగా లాగుతాయి. బ్లీచింగ్‌కు రెండు వారాలు, విరామానికి రెండు వారాలు పోతే, చివరి సిమెంటుకు పెండ్లికి ముందు వారం మిగులుతుంది. ఎక్కడైనా ఆలస్యమైతే బ్లీచింగ్‌నే వదిలేయండి, ఇప్పటి రంగుకు సరిపోయే సిమెంటుతో మెడ దగ్గరి పసుపును కప్పించుకుంటే ఫోటోల్లో తేడా తెలియదు. పెండ్లికి నాలుగు రోజుల ముందు ఒక్క సిట్టింగులో తెల్లబరుస్తామని ఎవరైనా అంటే, అరుగుదల ఉన్న పళ్లకు అది వద్దని చెప్పండి. ఆ తీపులు సరిగ్గా పెండ్లి రోజునే మిమ్మల్ని బాధించవచ్చు.

తోముకునే తీరు కూడా ఈలోగా మారాలి. బఠాణీ గింజంత పేస్టు చాలు. బ్రష్షును పిడికిలితో కాక కలం పట్టినట్టు వేళ్లతో పట్టుకుంటే ఒత్తిడి దానంతట అదే తగ్గుతుంది. కుచ్చును చిగురు వైపు కొంచెం వాల్చి, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పండి, అడ్డంగా రంపం కోసినట్టు లాగకండి. నెల తిరగకముందే బ్రష్షు కుచ్చు పక్కలకు విచ్చుకుంటే, మీరు ఇంకా గట్టిగానే రుద్దుతున్నారని అర్థం. పళ్లన్నీ కాక ఒకే ఒక పన్ను నల్లగా గాని, బూడిద రంగుకు గాని తిరిగి ఉంటే, లేదా చల్లనీళ్లు తాగిన తరువాత నొప్పి నిమిషాల తరబడి ఆగకుండా ఉంటే, అది అరుగుదలతో తేలే విషయం కాదు. ఆ పంటికి ముందు ఎక్స్‌రే తీయించి నరం పరిస్థితి చూపించుకోండి, తెల్లబరిచే ప్రయత్నాలు అది తేలేవరకు ఆపండి.